జ్ఞాపకాలు రాసే ముందు మ్యాపు, జాబితా, కాలక్రమం ఎలా వేసుకోవాలి?

"అమ్మమ్మగారి ఊళ్లో గడిచిన చిన్నతనం మీద ఒక అధ్యాయం రాద్దామంటే ముక్కలు ముక్కలుగా తప్ప ఏదీ గుర్తు రావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?"

మ్యాపుతో మొదలుపెట్టండి. చాలామందికి ఏ సంవత్సరమో గుర్తుండదు గానీ, ఏ వస్తువు ఎక్కడుండేదో గుర్తుంటుంది. తెల్లకాగితం మీద వీధిగుమ్మం గీసి, మనసులోనే లోపలికి నడవండి: అరుగు, సావిడి, వంటిల్లు, పెరట్లో నుయ్యి. కొలతలు తప్పినా ఫర్వాలేదు. గుర్తురాని గదిని ఖాళీగానే వదిలేయండి. పాత ఫొటోలు ఇప్పుడే చూడకండి, వాటిలో ఉన్నదే మీ జ్ఞాపకంగా స్థిరపడిపోయే ప్రమాదం ఉంది.

తర్వాత ఒక్కో చోటికి ఒక చిన్న జాబితా రాయండి. "ప్రేమ", "సందడి" లాంటి మాటలు వద్దు. నూతి గిలక చప్పుడు, గోలెం అంచు మీద నాచు, అక్కడ ఎవరు ఎవరిని తిట్టారు, ఇలాంటివి రాయాలి.

కాలక్రమం చివర్లో. ఒక గీత గీసి, పైన మీరు చదివిన తరగతులు, కింద అందరికీ తెలిసిన ఘటనలు పెట్టండి. మీది దివిసీమ అయితే 1977 నవంబరు 19 ఉప్పెన గట్టి గుర్తు. ఉప్పెనకు మీరు నాలుగో తరగతి అనుకుందాం. పెరటి వేపచెట్టు అప్పుడే కూలిందని, ఏడో తరగతిలో దాని కొమ్మకే ఉయ్యాల ఊగానని రెండూ రాసుంటే, ఒకటి తప్పు, లేదా రెండు చెట్లు కలిసిపోయాయి. పెద్దవాళ్లను అడగాల్సిన ప్రశ్న అదే. "ఉయ్యాల ఏ చెట్టుకు కట్టేవారు?" అని అడిగితే, "అప్పటి సంగతులు చెప్పు పిన్నీ" అన్నప్పటికన్నా ఎక్కువ చెప్తారు.

జాబితా ఎక్కడ కిక్కిరిసిందో, అధ్యాయం అక్కడి నుంచి మొదలుపెట్టండి.