పాత జీపా, కొత్త పికప్పా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. బత్తాయి తోట, మూడెకరాల పత్తి ఉన్నయి. తెలిసినాయన దగ్గర 2009 జీపు చవకగా వస్తుంది. ఆర్సీ ఇంకొకరి పేరు మీద ఉంది, ‘సంతకాలు పెట్టిన ఫారాలు ఇస్తా, తర్వాత మార్చుకో’ అంటున్నడు. మా ఇంట్ల ఆమె కొత్త చిన్న పికప్ ఫైనాన్స్‌ల తీసుకుందామంటుంది. కాయ మార్కెట్‌కు పోవాలె, పత్తి ఏరేటప్పుడు కూలీలను తీసుకరావాలె. చట్టం ప్రకారం ఏది మంచిది?

జవాబు: మీరు ఒకే బండితో రెండు పనులు చేయించుకోవాలనుకుంటున్నారు. చిక్కంతా అక్కడే ఉంది. సొంత వాడకం కింద రిజిస్టరైన జీపు మనుషుల కోసం, పికప్ సరుకు కోసం. ఒకదాని పని రెండోదానితో చేయిస్తే మామూలు రోజుల్లో ఎవరూ అడగరు. ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ వకీలు మొట్టమొదట అడిగేది అదే.

ముందు జీపు సంగతి. సొంత వాహనం రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది. అంటే 2009 బండికి 2024లోనే గడువు ముగిసింది. రవాణా శాఖలో బండిని చూపించి ఐదేళ్లకు రెన్యువల్ చేయించారో లేదో ఆర్సీలో చూడండి. చేయించకపోతే ఆ బండిని రోడ్డు మీదికి తేవడమే నేరం.

రెండోది ఆ ఫారాలు. 29, 30 ఫారాల మీద ఉన్న సంతకం అసలు ఓనరుదే కావాలి, మధ్యలో అమ్మేవాడిది పనికిరాదు. ఓనరు చనిపోయి ఉంటే ఆ సంతకాలకు విలువ లేదు, వారసులు ముందుగా 31వ ఫారంతో తమ పేరుకు మార్చుకోవాలి. ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరుంటే 35వ ఫారం, వాళ్ల ఎన్‌ఓసీ లేకుండా పైసా ఇవ్వకండి. అప్పు తీరకపోతే కంపెనీవాళ్లు బండి కోసం మీ వాకిట్లోకే వస్తారు. పేరు మారకపోతే ప్రమాదంలో పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న ఓనరుదేనని సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. అది విని ‘అయితే నాకేం’ అనుకోకండి. బండి మీరే నడుపుతుంటే డ్రైవరుగా మీరూ ప్రతివాదే. పైగా బండి దెబ్బతింటే మీ పేరున లేని పాలసీ మీద మీకు పైసా రాదు.

ఇవన్నీ సరిచేసుకున్నా, బత్తాయి సంచులు జీపులో వేయగానే అది చట్టం దృష్టిలో సరుకు బండి అవుతుంది. సొంత కారు, జీపు పాలసీల్లో సరుకు రవాణాకు వాడకూడదన్న షరతు ఉంటుంది, సొంత లగేజీ వరకే మినహాయింపు. కాయ మీ తోటదే కదా అన్న వాదన అక్కడ నిలబడదు.

ఇక పికప్. మొత్తం బరువు, అంటే బండి, లోడు కలిపి 3,000 కిలోల లోపు ఉంటే పర్మిట్ అక్కర్లేదు. ఫిట్‌నెస్, బీమా, పొల్యూషన్ ఉండాలి. మీకు ఎల్‌ఎంవీ లైసెన్స్ ఉంటే చాలు, వేరే ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ లేకపోయినా 7,500 కిలోల లోపు బండి నడపొచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో తేల్చింది.

పికప్‌తో అసలు ప్రమాదం కూలీలతోనే. పత్తి ఏరే పదిమందిని వెనక ట్రాలీలో ఎక్కించారు, మలుపులో బండి బోల్తా పడి ఇద్దరు చనిపోయారు అనుకుందాం. సరుకు బండి బీమా సరుకు యజమానికి, అతని తరఫున వచ్చినవారికి వర్తిస్తుంది. ఊరికే ఎక్కినవారికి వర్తించదని 2002లో ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. లోడింగ్ హమాలీలకు అదనపు ప్రీమియం కట్టి రక్షణ తీసుకోవచ్చు గానీ, చేనుకు పోతున్న కూలీ హమాలీ కాదు. ఒక్కోసారి ప్రమాద పరిహారం కేసు వినే ట్రిబ్యునల్ మొదట బీమా కంపెనీతో కట్టించి, ఆ సొమ్ము మీ దగ్గర రాబట్టుకోమంటుంది. కట్టలేకపోతే కలెక్టర్ ద్వారా భూమి శిస్తు బకాయి లాగా వసూలు చేసే దారి చట్టంలోనే ఉంది, అప్పుడు తోట మీదికే వస్తుంది.

నా మాటంటారా, మీ ఇంటామె చెప్పిందే సరి. ఏడాది పొడుగునా కదిలేది కాయ. కూలీలు కావలసింది పత్తి ఏరే కొన్ని వారాలే, ఆ రోజులకు ప్యాసింజర్ పర్మిట్ ఉన్న ఆటో మాట్లాడుకోండి. ఎక్కించుకునే మందిని సీట్ల లెక్క దాటనివ్వకండి.

కాదు, జీపు మీదే మనసుంటే దాన్ని మనుషులకే ఉంచండి. థర్డ్ పార్టీ పాలసీ సరిపోదు, అందులో లోపల కూర్చున్నవారికి రక్షణ ఉండదు. ప్యాకేజీ పాలసీ కావాలి. 15 ఏళ్లు దాటిన బండికి అది ఇస్తారో లేదో బయానా ఇవ్వకముందే ఏజెంటును అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి. కూలీల దగ్గర కిరాయి మాత్రం వసూలు చేయకండి, కూలిలో కోసుకున్నా అది కిరాయిగానే వాదిస్తారు.