వయసు తెలియని పిల్లాడికి బహుమతి

అమ్మాయ్,

మీ బాబాయిగారి అమ్మాయి కొడుక్కి ఏం తీసుకెళ్ళాలో తోచడం లేదని రాశావు. వాడి వయసు ఆరో తొమ్మిదో కూడా తెలియదన్నావు. ముందు ఆ సంగతి తేల్చుకుందాం, షాపు సంగతి తర్వాత.

మీ అక్కని నేరుగా అడగడానికి మొహమాటంగా ఉందంటున్నావు కాబట్టి, ఉన్న ఆధారాలతోనే లెక్క కడదాం. వాళ్ళ తమ్ముడి పెళ్ళై ఆరేళ్ళయింది. ఆ పెళ్ళి ఫొటోలో పిల్లాడు కుర్చీ పట్టుకుని నిలబడ్డాడని రాశావు. పిల్లలు అలా నిలబడేది ఏడాది వయసుకు కాస్త అటూ ఇటూగా. అంటే ఇప్పుడు ఏడేళ్ళ దరిదాపుల్లో ఉంటాడు. వాళ్ళమ్మ ఫోన్లో ఈమధ్య పెట్టిన ఫొటోలో పై ముందుపళ్ళు రెండూ ఊడి ఉన్నాయన్నావుగా, అవి కూడా సాధారణంగా ఏడేళ్ళ ప్రాంతంలోనే ఊడతాయి. రెండు ఆధారాలూ ఒకే మాట చెబుతున్నాయి. అయితే ఆ ఫొటో నిజంగా ఈమధ్యదేనా అన్నది ఒకసారి చూసుకో. పాత ఫొటోలు మళ్ళీ పెట్టేవాళ్ళు చాలామంది. ఏడు అని ఖాయం చేసుకోకుండా ఆరున్నర నుంచి ఎనిమిదిలోపు అనుకో.

ఇప్పుడు ఆ రెండు చివర్లకీ పనికొచ్చే వస్తువు వెతకాలి. ఎటూ తేలకపోతే పెద్ద వయసు వైపే మొగ్గు. ఎనిమిదేళ్ళవాడి చేతిలో నాలుగేళ్ళవాళ్ళ బొమ్మ పెడితే పైకి నవ్వినా లోపల చిన్నబుచ్చుకుంటాడు. కొంచెం కష్టమైనదైతే ఆరునెలలు అలమరలో ఉండి తర్వాత బయటికొస్తుంది, నష్టమేమీ లేదు. మూడేళ్ళలోపు పిల్లలకు మాత్రం ఈ సూత్రం పూర్తిగా తిరగబడుతుంది. పెట్టె మీద మూడేళ్ళు దాటినవాళ్ళకని ఉంటే అది తెలివితేటల గురించి కాదు, గొంతులో అడ్డుపడే చిన్న ముక్కలున్నాయని హెచ్చరిక. ఎనిమిదేళ్ళు పైబడినవాళ్ళకని ఉంటే మాత్రం ఎక్కువగా ఆట కష్టాన్ని బట్టి రాసినదే. ఆ ఇంట్లో పాకే పిల్ల ఎవరైనా ఉంటే, పెద్దవాడికి కొన్నా సరే, గుండీల్లాంటి బ్యాటరీలూ చిన్న అయస్కాంతాలూ ఉన్న బొమ్మల జోలికి పోకు. మింగితే ప్రాణం మీదకొస్తుంది.

అభిరుచి విషయంలో అంత టెన్షన్ పడకు. కార్టూన్ బొమ్మ ఉన్నవి వద్దు. ఈ ఏడాది ప్రాణం పెట్టిన బొమ్మ వచ్చే ఏడాదికి చిన్నపిల్లల వ్యవహారమైపోతుంది. బట్టలూ వద్దు, వయసే తెలియనప్పుడు పొడుగు ఎలా తెలుస్తుంది? నీ లెక్కకి నాకు తోచేది నలుగురు కూర్చుని ఆడే బోర్డు గేమ్. సగం అదృష్టం, సగం ఆలోచన ఉన్నది చూడు. ఆరున్నరేళ్ళవాడు అదృష్టంతో గెలుస్తాడు, ఎనిమిదేళ్ళవాడు ఎత్తులు వేస్తాడు. ఇంట్లో ఇంకో పిల్లాడున్నా ఆటలో కలుస్తాడు. ఒక ఆట పావుగంట, ఇరవై నిమిషాల్లో తేలిపోవాలి. కార్డుల మీద పొడవాటి వాక్యాలు ఉండకూడదు. చదవడం ఇంకా కూడబలుక్కునే పిల్లాడు ప్రతిసారీ అమ్మని పిలవాల్సొస్తే రెండోరోజే ఆ పెట్టె మూలపడుతుంది. అదే నచ్చకపోతే వంద ముక్కల జిగ్‌సా పజిల్ తీసుకో. చిన్నవాడైతే ఎవరైనా పక్కన కూర్చుని సాయం చేస్తారు, పెద్దవాడైతే సొంతంగా పెట్టేస్తాడు.

బయల్దేరే ముందు మీ అక్కకి ఒక్క ఫోన్ చెయ్యి. "ఏం తేను?" అని మాత్రం అడగకు, "ఏమీ వద్దే" అంటుంది, కథ మళ్ళీ మొదటికొస్తుంది. మాటల్లో మాటగా "వాడిప్పుడు ఏ క్లాసు?" అను. చాలాచోట్ల క్లాసుకి ఐదో ఆరో కలిపితే వయసు తెలిసిపోతుంది. "బడి నుంచి రాగానే ఏం చేస్తాడు?" అని కూడా అడుగు. ఎప్పుడూ బొమ్మలేస్తుంటాడంటే ఇంకో రంగుపెన్సిళ్ళ డబ్బా కొనకు, అలాంటివి ఇంట్లో నాలుగుంటాయి. అయిపోయేది కాగితం, కాబట్టి మందపాటి డ్రాయింగు పుస్తకాలు పట్టుకెళ్ళు. ఒకవేళ లెక్క తప్పి వాడు పన్నెండేళ్ళవాడని తేలితే ఊహలన్నీ మానేసి గిఫ్ట్ కార్డు ఇచ్చెయ్.

మరీ ఖరీదైనది వద్దు. ఎప్పుడో కలిసే చుట్టం పెద్ద వస్తువు ఇస్తే మీ అక్క రేపు నీకేం ఇవ్వాలా అని తంటాలు పడుతుంది. మార్చుకునే వీలున్న షాపులోనే కొని, బిల్లు మీ అక్క చేతికివ్వు. బ్యాటరీలు విడిగా కొనాల్సిన వస్తువైతే అవీ పెట్టెలో వేసి మరీ కట్టించు.

ఇట్లు,
మీ పెద్దమ్మ