జననాంగంపై మళ్ళీ మళ్ళీ వచ్చే పొక్కులు: ఏ పరీక్ష తేలుస్తుంది?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర. జననాంగంపై నొప్పితో నీటి పొక్కులు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. రక్తపరీక్షలో హెచ్‌ఎస్‌వీ-1 ఐజీజీ పాజిటివ్ అన్నారు. ఇది హెర్పిసేనా?

మొదట మంటో చిమచిమో పుట్టి, ఆపై చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, చితికి పుండ్లయి, వారం పది రోజుల్లో మానుతుంటే హెర్పిస్ అనే అనుమానం బలమైనదే. కానీ ఆ రక్తపరీక్ష హెర్పిస్ వైరస్ ఒకటో రకంపై ఒంట్లో పుట్టిన ప్రతిరక్షకాలను మాత్రమే చూపుతుంది; ఈ పొక్కులు దానివేనా అన్నది తేల్చదు. చిన్నతనంలో పెదవిపై సోకిన వైరస్ వల్ల కూడా అదే ఫలితం వస్తుంది. ఈసారి పొక్కు లేచిన 48 గంటల్లోపు, చెక్కు కట్టకముందే, భీమవరంలోనో కాకినాడలోనో చర్మ, సుఖవ్యాధుల వైద్యునితో పొక్కు అడుగు నుండి స్వాబ్ తీయించి పీసీఆర్ చేయించండి. పాజిటివ్ అయితే వ్యాధీ, దాని రకమూ తేలతాయి. మానుతున్న పుండు నుండి వచ్చిన నెగటివ్‌ను మాత్రం నమ్మలేము. నొప్పి మాత్రో యాంటీబయాటిక్కో వేసుకున్నప్పుడల్లా సరిగ్గా అదే చోట లేచి నల్లమచ్చ మిగులుతుంటే, అది హెర్పిస్ కాక మందు పడకపోవడం కావచ్చు; ఆ మాత్రల పేర్లు వైద్యునికి చెప్పండి.