కొటేషన్ రేట్లు పోల్చలేకపోతున్నారా
“హోటల్‌కి కూరగాయలు, పాలు, పనీర్ కొటేషన్ అడిగా, ముగ్గురు మూడు రకాలుగా రేట్లు పంపారు, ఎలా పోల్చాలి?”

మీరు రేటు దేని మీద కట్టాలో చెప్పి ఉండరు, అందుకే ఒకరు ఇవాళ్టి రేటు, ఇంకొకరు నెలకి ఫిక్స్‌డ్ వేసుంటారు. టమాటా ధర రోజూ మారుద్ది కాబట్టి నెలంతా ఒకే రేటు అడిగితే వాళ్ళు ముందే పెంచి వేస్తారండీ. మళ్ళీ ఇలా పంపండి:

1. కూరగాయలకి: “హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్ ఆ రోజు హోల్‌సేల్ రేటు మీద కిలోకి ఎంత ఎక్కువ తీసుకుంటారు, రవాణా కలిపి”. ముగ్గురివీ ఈ ఒక్క అంకె పోల్చుకుంటే చాలు.

2. పాలు, పనీర్‌కి నెల రేటు అడగొచ్చు. పాలు ఫుల్ క్రీమ్, 6 శాతం ఫ్యాట్ అని రాయండి, ఉత్త “మంచి పాలు” అంటే ఎవరికి తోచింది వాళ్ళు పంపుతారు.

3. రోజుకి ఎంతో, శని ఆదివారాలు ఎంతో విడిగా రాయండి, ఉదాహరణకి: టమాటా 20 కిలోలు, వీకెండ్ 30, గట్టిగా, సగం పండినవి.

4. పాలు ఉదయం 5:30కి, కూరగాయలు 7 లోపు. తూకం మన కాటా మీద, క్రేటు బరువు తీసేసి. పాడైనవి అప్పుడే వాపస్, బిల్లులో కోత. ఇది ముందే రాయకపోతే తర్వాత రోజూ గొడవే.