మజ్జిగ పచ్చగా కనిపిస్తోందా? ముందు గుండె మాత్ర సంగతి చూడండి

ప్రశ్న: మా అమ్మ వయసు 72, బరువు 48 కిలోలు. చిన్నప్పుడు వచ్చిన కీళ్లజ్వరం వల్ల గుండె వాల్వు పాడైంది, నాడి లయ తప్పి కొట్టుకుంటుంది. పదేళ్లుగా డిగాక్సిన్ 0.25 మాత్ర వారానికి 5 రోజులు వేసుకుంటోంది. కాళ్ల వాపు పెరిగిందని 2 నెలల కిందట ఒంట్లో నీరు తీసే లాసిక్స్ 40 రెండు పూటలా చేశారు. 3 వారాలుగా వికారం, అన్నం వాసనకే కడుపులో తిప్పుతోందంటుంది. గ్యాస్ మాత్ర, వాంతుల మాత్ర ఇస్తున్నాం. ఇప్పుడు మజ్జిగ, తెల్లచీర కూడా పచ్చగా కనిపిస్తున్నాయట. కంటి డాక్టర్ శుక్లం ఉంది కానీ ఇంకా ముదరలేదన్నారు. క్రియాటినిన్ 1.3, పెద్ద తేడా లేదన్నారు. మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు మాత్ర వేసుకుంటుంది. శుక్లం ఆపరేషన్ ఇప్పుడే చేయించవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఆపరేషన్ మాట తర్వాత. ఇది చదివిన వెంటనే డిగాక్సిన్ రాసిచ్చిన డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఆయనతో మాట్లాడేదాకా తర్వాతి మాత్ర ఇవ్వకండి. ఈ మందు ఒంట్లో రోజుల తరబడి ఉంటుంది కాబట్టి ఒక పూట ఆగితే నష్టం ఉండదు. ఆయన దొరక్కపోతే ఇవాళే ఈసీజీ తీసే ఆసుపత్రికి తీసుకెళ్లండి, రేపటిదాకా ఆగొద్దు. రోగిని చూడకుండా ఇది డిగాక్సిన్ విషప్రభావమేనని తేల్చి చెప్పలేను. కానీ వికారం, ఆకలి చచ్చిపోవడం, తెల్లటివి పచ్చగా కనిపించడం, ఈ మూడూ డిగాక్సిన్ వాడే మనిషిలో కలిసి వస్తే, కాదని రుజువయ్యేదాకా దాన్నే అనుమానించాలి.

పచ్చగా అన్నారు, పసుపో ఆకుపచ్చో రాయలేదు. ఇక్కడ రెండిటికీ అర్థం ఒకటే. రంగులను గుర్తించే రెటీనా కణాల మీద ఈ మందు పనిచేయడం వల్ల అలా కనిపిస్తుంది. ఈ మందుకు మూలమైన డిజిటాలిస్ మొక్క గురించి 1785లో రాసిన విలియం వితరింగ్ అనే ఇంగ్లండ్ వైద్యుడు కూడా, మోతాదు మించితే వాంతులతో పాటు వస్తువులు పసుపుగానో ఆకుపచ్చగానో కనిపిస్తాయని చెప్పాడు. శుక్లం వల్ల కూడా చూపు మసకబారుతుంది, దీపం చుట్టూ వలయాలు కనిపిస్తాయి. కానీ అది నెలలు, ఏళ్ల మీద వస్తుంది, తరచుగా ఒక కంటిలో ఎక్కువ, మరో కంటిలో తక్కువ ఉంటుంది. రోజుల్లో, వారాల్లో, రెండు కళ్లకూ ఒకేసారి రంగు మారిందంటే శుక్లాన్ని అనుమానించను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్న సామెత పట్టుకుని పసరు మందుకు తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. కామెర్లలో కళ్లు పచ్చబడతాయి, చూపు మామూలుగా పచ్చబడదు.

మాత్ర పదేళ్లుగా అదే కదా, ఇప్పుడెందుకు పడలేదని మీకు అనిపించవచ్చు. మాత్ర మారలేదు, అమ్మగారి కిడ్నీలు మారాయి. డిగాక్సిన్‌లో ఎక్కువ భాగం మూత్రంలోనే బయటికి పోతుంది. క్రియాటినిన్ 1.3 చూసి పెద్ద తేడా లేదన్నారు. ఆ అంకె 80 కిలోల యువకుడికి, మీ అమ్మగారికి ఒకటే కాదు. క్రియాటినిన్ కండ నుంచి పుడుతుంది. కండ తక్కువ ఉన్న పెద్దావిడలో కిడ్నీలు బాగా మందగించినా ఈ అంకె పెద్దగా పెరగదు. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తాన్ని శుభ్రం చేస్తున్నాయో కాగితం మీద వేసి చూడండి. 140 నుంచి వయసు 72 తీసేస్తే 68. దాన్ని బరువు 48తో గుణిస్తే 3264. ఈ సూత్రంలో అందరికీ ఒకటేగా ఉండే 72ను క్రియాటినిన్ 1.3తో గుణిస్తే 93.6, ఆ 3264ను దీనితో భాగిస్తే దాదాపు 35. స్త్రీ కాబట్టి 0.85తో గుణిస్తే సుమారు 30. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల్లో ఇది 100 దరిదాపుల్లో ఉంటుంది. ఇది అంచనా లెక్కే, కానీ మోతాదు నిర్ణయించడానికి పనికొస్తుంది.

కిడ్నీలు బాగుంటే ఒంట్లోని డిగాక్సిన్ సగానికి తగ్గడానికి ఒకటిన్నర నుంచి 2 రోజులు పడుతుంది. అవి బాగా దెబ్బతింటే 4, 5 రోజులు కూడా పట్టవచ్చు. పాతది పోకముందే కొత్త మాత్ర పడుతుంది, బానలో నీళ్లు నిండినట్టు మందు పేరుకుంటుంది. శని, ఆదివారాలు మానేస్తున్నాం కదా అని ధైర్యపడకండి. 0.25 చొప్పున 5 రోజులు వేస్తే సగటున రోజుకు 0.18 పడుతున్నట్టే. ఈ వయసు, బరువు, కిడ్నీ లెక్క ఉన్నవారికి సాధారణంగా 0.125 మాత్ర, అదీ కొందరికి రోజు విడిచి రోజు సరిపోతుంది. మీరే మాత్రను సగానికి విరిచి ఇవ్వడం మాత్రం మొదలుపెట్టకండి. ముందు ఆపాలా, తగ్గించాలా అన్నది ఈసీజీ, రక్తపరీక్ష చూసి డాక్టర్ చెప్పాలి.

రెండో కారణం పొటాషియం. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు, నాకు ఎక్కువ భయం దాని గురించే. గుండె కండరంలో ప్రతి కణానికీ ఒక పంపు ఉంటుంది. ఆ పంపు మీద పొటాషియం కూర్చునే చోటికే డిగాక్సిన్ కూడా పోటీ పడుతుంది. బస్సు సీటు మీద తువ్వాలు వేసి ఆపుకున్నట్టు పొటాషియం చాలినంత ఉన్నంతకాలం డిగాక్సిన్‌కు కొన్ని సీట్లే దొరుకుతాయి. పొటాషియం తగ్గిందా, ఖాళీ అయిన సీట్లన్నీ అదే ఆక్రమిస్తుంది. రక్తంలో మందు పెరగకపోయినా గుండె మీద దాని ప్రభావం పెరిగిపోతుంది. లాసిక్స్ రెట్టింపయితే మూత్రంతో పాటు పొటాషియం, మెగ్నీషియం కూడా పోతాయి. పైగా వికారంతో తిండి తగ్గింది. వాంతులు కూడా మొదలైతే ఒంట్లో నీరు తగ్గి కిడ్నీ ఇంకా మందగిస్తుంది, డిగాక్సిన్ ఇంకా పెరుగుతుంది, దాంతో వికారం ఇంకా ఎక్కువవుతుంది. ఈ చక్రం ఒకసారి తిరగడం మొదలైతే ఇంట్లో ఆపలేరు.

ఆసుపత్రిలో ఈసీజీ, పొటాషియం, మెగ్నీషియం, క్రియాటినిన్, డిగాక్సిన్ స్థాయి అడగండి. డిగాక్సిన్ స్థాయికి రక్తం ఇచ్చేటప్పుడు చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో చెప్పండి. మాత్ర వేసుకున్నాక కనీసం 6 గంటలు గడవాలి. ముందే తీస్తే మందు ఇంకా కణాల్లోకి చేరకముందే కొలిచినట్టై అంకె అబద్ధం చెబుతుంది. గుండె బలహీనతకు వాడేవారిలో 0.5 నుంచి 0.9 మధ్య ఉండాలని చూస్తాం, 2 దాటితే విషప్రభావం సాధారణం. కానీ రిపోర్టులో 1.6 వచ్చి, ల్యాబ్ వాళ్లు పక్కన నార్మల్ అని వేసినా, పొటాషియం 3 ఉంటే నేను దాన్ని నార్మల్ అనుకోను. పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉంటే మామూలే అంటారు. డిగాక్సిన్ వాడేవారిలో 4కు తగ్గకుండా చూసుకుంటాం.

ఈలోగా మీరు ఇంట్లో చూడగలిగింది నాడి. మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి, 15 సెకన్లు లెక్కపెట్టి 4తో గుణించొద్దు. 60కి తగ్గితే వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. అమ్మగారి నాడి ఎప్పుడూ లయ తప్పే ఉంటుంది. అది హఠాత్తుగా గడియారంలా క్రమంగా, నెమ్మదిగా కొట్టుకోవడం మొదలైతే నయమైందని సంతోషించకండి. పై గదుల నుంచి సంకేతం కిందికి దిగక, గుండె మధ్యభాగం సొంతంగా కొట్టుకుంటోందని దానికి అర్థం కావచ్చు. అది డిగాక్సిన్ ఎక్కువైందనడానికి పాత గుర్తు. కళ్లు తిరిగి పడిపోవడం, 50 లోపు నాడి, మాట తడబడటం, విపరీతమైన దడ, ఇవి కనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

ఇక మందుల షాపు సంగతి. కోప్పడుతున్నాననుకోకండి, కానీ మూడు వారాలు వాంతుల మాత్రతో నెట్టుకొచ్చారు. ఆ వికారమే ఒళ్లు పంపిన మొదటి కబురు, మీరు దాని నోరు మూయించారు. ఆండాన్‌సెట్రాన్, డొంపెరిడోన్ లాంటి వాంతుల మందులు పొటాషియం తక్కువ ఉన్నప్పుడు గుండె లయను ఇంకా చెడగొట్టగలవు. గ్యాస్ మాత్రల్లో పాంటొప్రజోల్ రకం నెలల తరబడి వాడితే మెగ్నీషియం తగ్గవచ్చు. అన్నిటికంటే మోకాళ్ల మాత్ర పేరు నాకు కావాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటిదైతే, లాసిక్స్ వాడే పెద్దావిడ కిడ్నీని వారంలో కూడా దెబ్బతీయగలదు. లయ తప్పిన నాడి, వాల్వు జబ్బు ఉన్నాయంటే రక్తం పలచబడే మాత్ర కూడా వాడుతుండాలి, మీరు రాయలేదు. వాడుతుంటే ఈ నొప్పిమాత్రతో రక్తస్రావం భయం కూడా ఉంది. దగ్గు వచ్చిందని షాపులో ఇచ్చే క్లారిత్రోమైసిన్ డిగాక్సిన్ స్థాయిని పెంచేస్తుంది. గొంతుకు మంచిదని నమిలే అతిమధురం పొటాషియాన్ని తగ్గిస్తుంది. ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, పొడులతో సహా, సంచిలో వేసుకుని వెళ్లండి.

పొటాషియం తగ్గిందని తెలిస్తే మీరు మొదట చేసే పని కొబ్బరినీళ్లు తాగించడం. రిపోర్టు రాకముందు వద్దు. కిడ్నీ లెక్క 30 దగ్గర ఉన్నప్పుడు, రామిప్రిల్, స్పైరనోలాక్టోన్ లాంటివి కూడా వాడుతుంటే పొటాషియం ఎక్కువ అయ్యే ప్రమాదమూ ఉంటుంది, అదీ గుండెను ఆపగలదు. తక్కువ ఉందని తేలితే ఎంత, ఎలా ఇవ్వాలో డాక్టర్లు కొలిచి ఇస్తారు. లయ బాగా చెడితే డిగాక్సిన్‌ను పట్టి కట్టేసే యాంటీబాడీ ఇంజెక్షన్ ఉంది, కానీ అన్ని ఆసుపత్రుల్లో దొరకదు. డయాలసిస్ చేసి తీసేయండని అడిగేవాళ్లుంటారు, ఈ మందు రక్తంలో కంటే కండరాల్లో ఎక్కువ దాగి ఉంటుంది కాబట్టి డయాలసిస్‌తో పోదు. చాలామందికి మందు ఆపి, పొటాషియం సరిచేసి, ఈసీజీ మానిటర్ మీద పెట్టి కొన్ని రోజులు కనిపెట్టుకుని ఉంటే సరిపోతుంది.

కంటి ఆపరేషన్‌కు ఇప్పుడు తేదీ తీసుకోకండి. డిగాక్సిన్ సర్దుకున్నాక రంగులు సాధారణంగా కొద్ది రోజుల నుంచి 2, 3 వారాల్లో మామూలవుతాయి. ఆ తర్వాత కూడా మసక ఉంటే అది శుక్లం వాటా. అప్పుడు కంటి డాక్టర్ దగ్గరికి కొత్త ఈసీజీ, కొత్త పొటాషియం రిపోర్టు, మారిన మందుల చీటీ పట్టుకుని వెళ్లండి.