చిరునామా ఎవరికీ ఇవ్వలేదు, అయినా ఇంటికొచ్చారు

"మాది గుంటూరు. నాలుగేళ్లుగా వంటల మీద, ఇంటి పనుల మీద యూట్యూబ్ ఛానల్ నడుపుతున్నాను. ఈమధ్య మా పేటలో చాలామంది నన్ను గుర్తుపడుతున్నారు. పోయిన నెల ముక్కూమొహం తెలియని ఇద్దరు ఆడవాళ్లు పళ్లు, జాకెట్టుగుడ్డ పట్టుకుని నేరుగా మా ఫ్లాటుకి వచ్చేశారు. మావారు పనిచేసే బ్యాంకుకి ఒకాయన వెళ్లి కౌంటర్ దగ్గర ఫొటో అడిగాడట. కిందటి వారం స్కూలు గేటు దగ్గర ఎవరో మా ఎనిమిదేళ్ల పాపను పేరు పెట్టి పిలిచి, 'ఇవాళ డాన్స్ క్లాసుకి వెళ్లవా?' అని అడిగాడు. మావారు ఛానల్ మూసెయ్యమంటున్నారు. అత్తయ్యగారేమో కనబడిన వాళ్లందరికీ మా కోడలే అని చెబుతారు. చిరునామా నేనెప్పుడూ ఎవరికీ ఇవ్వలేదు. ఇప్పుడేం చెయ్యాలి?"
— ఒక గృహిణి, గుంటూరు

అమ్మా, మీరు రాసిన మూడింటిలో నన్ను కలవరపెట్టింది స్కూలు గేటు సంగతి. పళ్లు తెచ్చినవాళ్లకు మీ ఇల్లు ఎక్కడో మాత్రమే తెలుసు. గేటు దగ్గరి మనిషికి మీ పాప పేరుతో పాటు ఏ రోజు ఏ వేళకు ఎక్కడికి వెళుతుందో కూడా తెలుసు. అతను అభిమానంతోనే పలకరించి ఉండవచ్చు. అయినా జాగ్రత్త అక్కడి నుంచే మొదలవ్వాలి.

రేపే ప్రిన్సిపాల్‌గారికి కాగితం మీద రాసి ఇవ్వండి. పాపను తీసుకువెళ్లే అధికారం ఎవరెవరికి ఉందో పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లతో ఇచ్చి, ఆ జాబితాలో లేనివాళ్లు ఏ కారణం చెప్పినా పంపవద్దని అందులో స్పష్టంగా కోరండి. నోటిమాటగా చెబితే అది ఆ రోజు విన్న టీచర్ దగ్గరే ఆగిపోతుంది, కాగితమైతే గేటు దగ్గరి ఆయా వరకు చేరుతుంది. మీ ఇంట్లోవాళ్లకు మాత్రమే తెలిసిన ఒక మాట పెట్టుకోండి. అది మీరు వీడియోల్లో ఎన్నడూ పలకని మాటై ఉండాలి. "అమ్మ పంపింది" అని ఎవరైనా అంటే పాప ఆ మాట అడగాలి, చెప్పలేకపోతే వెనక్కి తిరిగి స్కూల్లోకి వెళ్లిపోవాలి. పాపను బెదరగొట్టనక్కరలేదు. "అమ్మ వీడియోలు చూసినవాళ్లకు మన పేర్లు తెలుస్తాయి, పేరు తెలిసినంత మాత్రాన వాళ్లు మనవాళ్లు కారు" అని చెబితే ఎనిమిదేళ్ల పిల్లకు బాగానే అర్థమవుతుంది. డాన్స్ క్లాసు రోజునో వేళనో మార్చించండి. ఆ మనిషి మళ్లీ కనబడితే ఆగి వాదించకుండా 112కు ఫోన్ చేయండి. తేదీ, వేళ, అతని బండి నంబరు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి.

చిరునామా ఎవరికీ ఇవ్వలేదని మీరు రాసింది నిజమే. మీ ఉత్తరంతో పాటు ఛానల్ పేరు పంపారు కనుక నేను మీ వీడియోలు పన్నెండు చూశాను. మీ ఇల్లు నాకు తెలియదు, మీ పేటలో నాకు చుట్టాలు కూడా లేరు. అయినా గంటన్నరలో మీ అపార్ట్‌మెంటును, అంతస్తుతో సహా, గుర్తుపట్టగలిగాను. ఎలాగో చెబుతాను. గుర్తులన్నీ మార్చి రాస్తున్నాను, పేట కూడా మీది కాదు, బ్రాడీపేట అనుకుందాం.

బ్రాడీపేటలో 4/7 అంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని గుంటూరులో చిన్నపిల్లలకు కూడా తెలుసు. లైను ఒకచోట, అడ్డరోడ్డు ఇంకొకచోట దొరికితే కూడలి దొరికినట్టే. ఆవకాయ వీడియోలో "మా నాలుగో లైనులో కారం పట్టించుకొచ్చాను" అన్నారు. మూడు నెలల తర్వాత మేడమీద వడియాలు పెడుతున్నప్పుడు మీ వెనకాల ఒక క్లినిక్ బోర్డు రెండు క్షణాలు కనబడింది. వీడియో ఆపి చూస్తే దాని మీద ఏడో అడ్డరోడ్డు అని ఉంది, ఫోన్ నంబరుతో సహా. ఇక ఆ కూడలిలో వెతకాల్సినవి నాలుగైదు అపార్ట్‌మెంట్లు. ఒక పార్శిల్ విప్పిన వీడియోలో చీటీ మీద మీ పేరును వేలితో కప్పారు కానీ, కిందున్న అపార్ట్‌మెంటు పేరులో సగం కనబడుతూనే ఉంది. "లిఫ్టు చెడిపోయి మూడంతస్తులు ఎక్కాను" అని మరొకచోట మీరే చెప్పారు. ఈ నాలుగు మాటల్లో ఏ ఒక్కటీ చిరునామా కాదు. నాలుగూ ఒకే మనిషి విన్నాడు కాబట్టి చిరునామా అయింది.

అందుకని పాత వీడియోలను మీరొక్కరే చూసి సరిచేయవద్దు. ఇల్లు తెలిసిన కళ్లకు గుర్తులు ఆనవు. మీ ఇంటికి ఎప్పుడూ రాని ఒకరిని, ఏ తెనాలిలోనో నరసరావుపేటలోనో ఉన్న నమ్మకస్తురాలైన బంధువును కూర్చోబెట్టి చూడమనండి. చోటు తెలిసే సంగతులు, వేళ తెలిసే సంగతులు, మనుషుల వివరాలు వేర్వేరుగా, ఏ వీడియోలో ఏ నిమిషం దగ్గరో రాయమనండి. చోటు, వేళ, పాప మూడూ కలిసిన వీడియోలను ఆ రాత్రే Private చేసేయండి. Unlisted చేస్తే లింకు దాచుకున్నవాళ్లకు అది కనబడుతూనే ఉంటుంది, అది చాలదు. మిగతావాటిని తీసెయ్యనక్కరలేదు. కంప్యూటర్లో YouTube Studio తెరిచి, ఆ వీడియోకు Editor లోకి వెళితే Blur ఉంటుంది. దానితో బోర్డును, బండి నంబరును, యూనిఫాం మీది బ్యాడ్జీని మసకపరచవచ్చు. నోటితో చెప్పిన మాటైతే అక్కడే ఆ ముక్కను కత్తిరించవచ్చు. వీడియో లింకు, వ్యూస్, కామెంట్లు అలాగే ఉంటాయి. మార్పు కనబడటానికి కొన్ని గంటలు పట్టవచ్చు, కాబట్టి అర్జంటైనదాన్ని ముందు Private చేసి తర్వాత దిద్దుకోవడం మేలు. ఛానల్‌కు యూట్యూబ్ ఆదాయం మొదలుకాకపోతే లక్ష వ్యూస్ దాటిన వీడియోలను కత్తిరించడం కుదరకపోవచ్చు. అలాంటి వీడియోలో పాప వేళలు ఉంటే ఎంత ప్రియమైనదైనా మూసేయండి. కామెంట్లలో మీరిచ్చిన జవాబులు కూడా చూడండి. "ఏ స్కూలు అక్కా?" అన్న ప్రశ్నకు రెండేళ్ల కిందట మీరు జవాబు ఇచ్చారు. ఇంకెవరైనా తమ వీడియోలో మీ ఇంటిని, చిరునామాను చూపిస్తే యూట్యూబ్‌కు ప్రైవసీ ఫిర్యాదు చేయవచ్చు. సాధారణంగా ఆ వీడియో పెట్టినవారికి సరిదిద్దుకోవడానికి 48 గంటలు ఇస్తారు.

ఇంత చేసినా తెలిసినవాళ్లకు తెలిసిపోయింది, దాన్ని వెనక్కి తీసుకోలేము. ఇల్లు మార్చడం అందరికీ అయ్యే పనీ కాదు. మార్చగలిగింది వేళ. నా దృష్టిలో మీ ఛానల్‌లో అన్నిటికంటే ప్రమాదమైనవి "ఉదయం నుంచి రాత్రి దాకా నా రోజు" వీడియోలే. మావారు తొమ్మిదింటికి బయలుదేరతారు, అత్తయ్య మధ్యాహ్నం పడుకుంటారు, శుక్రవారం సాయంత్రం గుడికి వెళతాం, మూడున్నరకు పాప వస్తుంది అని మీరు చెప్పినదంతా కలిపితే, ఇంట్లో ఎవరు ఎప్పుడు ఒంటరిగా ఉంటారో తేలిపోతుంది. ఇకమీదట బయట తీసిన ఏ వీడియోనూ కనీసం మూడు వారాలు ఆగి పెట్టండి, తీసిన వరుసలో పెట్టకండి, గడియారం వేళ నోట రానివ్వకండి. ఊరెళితే తిరిగొచ్చి తాళం తీశాకే ఆ ప్రయాణం చూపించండి. మంగళవారం, శనివారం వీడియో వస్తుందని చెప్పుకోవడంలో తప్పు లేదు. మీరు ఏ వారం ఎక్కడ ఉంటారో చెప్పడంలోనే ఉంది.

మీవారి విషయంలో ఒక మాట. ఛానల్ మీరు ఎంచుకున్నది, ఆయన ఎంచుకోలేదు. కౌంటర్ వదిలి కదలలేని ఉద్యోగంలో ఉన్న మనిషి దగ్గరకు ఎవరైనా రావచ్చు, ఆయన తప్పించుకోలేరు. కాబట్టి ఆయన మెడలో ఐడీ కార్డుతో కనబడిన వీడియోలు, బ్రాంచి పేరు వచ్చిన వీడియోలు ఆయన అడగకముందే తీసేయండి. ఆయన కూడా మేనేజరుగారితో తానే చెప్పాలి: ఛానల్ పేరు చెప్పుకుని ఎవరైనా వస్తే తన ఫోన్ నంబరు, సెలవు రోజులు, ఇంటికి వెళ్లే వేళ చెప్పవద్దని, ఫొటోలు ఒప్పుకోవద్దని. దాచిపెట్టి, తర్వాత ఫిర్యాదుగా తెలిసేకంటే ఇది ఆయనకే గౌరవం. అయితే ఛానల్ మూసేస్తే అంతా సద్దుమణుగుతుందన్న ఆయన మాటతో నేను ఏకీభవించను. మూసినా మీ ముఖాన్ని మరిచిపోరు, డౌన్‌లోడ్ చేసుకున్న వీడియోలు పోవు. పాపను తెర మీద నుంచి పూర్తిగా తప్పించమని ఆయన అడిగితే మాత్రం మారుమాట్లాడకుండా ఒప్పుకోండి.

అత్తయ్యగారిని నోరు మూసుకోమంటే నొచ్చుకుంటారు, పైగా అది సాగదు. ఆవిడది ప్రేమ. వద్దని చెప్పే బదులు చెప్పడానికొక మాట ఇవ్వండి: "అవునమ్మా, మా కోడలే. ఇంటికి మాత్రం ఎవరినీ రానివ్వం, ఏదైనా ఉంటే వీడియో కింద రాయండి." ఇదే మాట వాచ్‌మన్‌కు, ఇస్త్రీ అబ్బాయికి, పాలు పోసే ఆవిడకు నేర్పండి. మీ పేటలో చిరునామా అడిగేవాళ్లు ముందు వీళ్ల దగ్గరికే వస్తారు. ఫలానా ఛానల్ వాళ్ల ఫ్లాటు ఏదంటే తెలియదనమని అబద్ధం నేర్పకండి, మొహమాటంలో అది నిలవదు. "పేరు, నంబరు ఇచ్చి వెళ్లండి, వాళ్లకు చెబుతాను" అనడం తేలిక. గుమ్మం దాకా వచ్చేసినవాళ్లను అవమానించి పంపనక్కరలేదు, లోపలికి పిలిచి కాఫీ ఇవ్వనూ వద్దు. గడప అవతలే నిలబడి నమస్కారం పెట్టి, ఇంటి దగ్గర ఎవరినీ కలవమని ఒక్క వాక్యంలో చెప్పి తలుపు వేయండి. తెచ్చినవి పుచ్చుకుంటే మళ్లీ వస్తారు, ఇంకొకరిని వెంటబెట్టుకుని వస్తారు. పార్శిళ్లు ఇంటికి తెప్పించుకోవడం మానేసి, కొరియర్ ఆఫీసులోనే ఉంచమని చెప్పి వెళ్లి తెచ్చుకోండి.

వద్దని స్పష్టంగా చెప్పడానికి ఇంకో ప్రయోజనం ఉంది. ఇష్టం లేదని ఒక స్త్రీ తెలియజేశాక కూడా మగవాడు పదేపదే వెంటపడటం, కలవాలని ప్రయత్నించడం 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే మూడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. మీరు కాదన్న తేదీ, వాట్సాప్‌లో చెప్పి ఉంటే దాని స్క్రీన్‌షాట్ ఉంటే ఫిర్యాదు బలంగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో వేధిస్తే cybercrime.gov.in లో కూడా ఇవ్వవచ్చు. విసుగొచ్చి ఆ మెసేజీలు చెరిపేయకండి.

మీ అద్దె ఒప్పందం వేసవిలో ముగుస్తుందని చివర్లో రాశారు. ఇల్లు మారేటట్టయితే కొత్తింటి గుమ్మం, బాల్కనీలోంచి కనబడే వీధి, పాలు పొంగించిన రోజు, వీటిలో దేన్నీ చిత్రీకరించకండి. కొత్త వంటిల్లు చూపించాల్సి వస్తే కిటికీ మీ వెనకాల కాకుండా కెమెరా వెనకాల ఉండేలా నిలబడండి.