పడమటి కిటికీకి నిలువు ఫిన్స్ పెడితే ఎండ ఆగుతుందా? నా అనుభవం (హైదరాబాద్)

ప్రశ్న: హైదరాబాద్‌లో ఇల్లు కడుతున్నాం. ఇంజనీర్ గారు అన్ని కిటికీలకీ రెండడుగుల సన్‌షేడ్ గీశారు, పడమటి బెడ్‌రూమ్‌కి అదనంగా నిలువు ఫిన్స్, అంటే గోడ నుంచి బయటికి పొడుచుకొచ్చే నిలువు పలకలు, పెట్టారు. ఇది సరిపోతుందా, సూర్యుడి కోణాలు చూసి మనమే లెక్క వేసుకోవచ్చా?

జవాబు:

వేసుకోవచ్చండి, టెన్త్ క్లాసు ట్రిగనామెట్రీ చాలు. ఆ లెక్క వెయ్యకుండా కట్టేసి మూడు ఎండాకాలాలు ఉడికిన వాణ్ణి కాబట్టి చెప్తున్నా.

మా ఇంట్లోనూ సేమ్ డ్రాయింగే. పడమటి బెడ్‌రూమ్ కిటికీ నాలుగడుగుల ఎత్తు, పైన రెండడుగుల సన్‌షేడ్, ముందు అడుగు లోతు కాంక్రీట్ ఫిన్స్, అడుగున్నరకి ఒకటి. "పడమర అంటే నిలువు ఫిన్స్, దక్షిణం అంటే అడ్డం సన్‌షేడ్" అని ఎక్కడ చూసినా రాసుంటుంది కదా, మేమూ అదే నమ్మేశాం. మే నెలలో సాయంత్రం నాలుగింటికి చూస్తే మంచం మీద ఫిన్‌కీ ఫిన్‌కీ మధ్య ఎండ పట్టీలు, ఒక్కో ఫిన్ నీడ రెండంగుళాలు, మిగతా పదహారు అంగుళాలు ఎండే!

అసలు సంగతేంటంటే, మన హైదరాబాద్ అక్షాంశం 17.4 డిగ్రీలు. మే 10 ప్రాంతంలో సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా నెత్తి మీదికొస్తాడు, మళ్ళీ ఆగస్ట్ 3 ప్రాంతంలో వస్తాడు (జీరో షాడో డే అని పేపర్లో వేస్తారు చూడండి, అదే). ఆ రోజుల్లో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు ఎక్కడుంటాడంటే నేలకి 33 డిగ్రీల ఎత్తులో, సరిగ్గా పడమర నుంచి ఉత్తరానికి ఓ 10 డిగ్రీలు మాత్రమే జరిగి. అంటే గోడకి దాదాపు ఎదురుగా నిలబడి చూస్తున్నట్టు. గోడకి లంబంగా పెట్టిన ఫిన్‌కి పక్కనుంచి వచ్చే ఎండ కావాలి, ఎదురుగా వచ్చేదాన్ని అదెలా ఆపుతుంది? ఫిన్ లోతుని tan(10°) తో గుణిస్తే నీడ వెడల్పు, 12 అంగుళాలకి రెండంగుళాలు, మా మంచం మీద కనబడింది అదే.

తమాషా ఏంటంటే అవే ఫిన్స్ ఉత్తరం గోడకి పెట్టుంటే బ్రహ్మాండంగా పనిచేసేవి. జూన్ 21న సాయంత్రం ఐదింటికి ఉత్తరం గోడ మీదికి ఎండ బాగా ఏటవాలుగా వస్తుంది, అడుగు ఫిన్ నీడ దాదాపు మూడడుగులు పడుతుంది. మేము ఉత్తరం వైపు ఏమీ పెట్టలేదు, జూన్‌లో అక్కడ ఎండొస్తుందనే ఎవరికీ తట్టలేదు.

ఇక సన్‌షేడ్ లెక్క ఇదీ:

```
tan(V) = tan(ALT) / cos(HSA)
D = H / tan(V)
```

V అంటే గోడని పక్కనుంచి చూస్తే ఎండ నేలతో చేస్తున్నట్టు కనబడే కోణం, ALT అంటే నేల నుంచి డిగ్రీల్లో సూర్యుడి ఎత్తు, HSA అంటే మీ గోడ చూసే దిక్కుకీ సూర్యుడున్న దిక్కుకీ మధ్య తేడా, H సన్‌షేడ్ కింద నుంచి కిటికీ అడుగు వరకు ఎత్తు, D ఎంత బయటికి రావాలో. ఎత్తు, దిక్కు రెండూ సన్ పాత్ చార్ట్‌లో దొరుకుతాయి, మీ ఊరు, తేదీ, టైం ఇస్తే చూపించే సైట్లు బోలెడు. కాకపోతే చార్ట్‌లో ఉన్నది సూర్యుడు బాగా పైకెక్కినప్పుడు 12 అని లెక్కేసే సోలార్ టైమా మన గడియారం టైమా చూసుకోండి, హైదరాబాద్‌లో మే నెలలో సోలార్ నాలుగు అంటే గడియారంలో 4.12. నేను ఇక్కడ చెప్పేవన్నీ సోలార్ టైములే.

దక్షిణం కిటికీకి ఇది ఎంత తేలికో చూడండి. మార్చి 21, సెప్టెంబర్ 23 ప్రాంతంలో దక్షిణం గోడకి ఆ V కోణం పొద్దున్నుంచి సాయంత్రం దాకా మారదు, 90 లోంచి అక్షాంశం తీసేస్తే వచ్చేదే, మనకి 72.6. నాలుగడుగుల కిటికీకి 15 అంగుళాల సన్‌షేడ్ చాలు, ఎండాకాలం మొత్తం కవర్. మీ రెండడుగులైతే అక్టోబర్ మధ్య దాకా మధ్యాహ్నపు ఎండ లోపలికి రాదు. దక్షిణం గురించి బెంగ పెట్టుకోకండి, సన్‌షేడ్‌ని కిటికీకి అటూ ఇటూ కొంచెం సాగదీయండి చాలు, లేకపోతే చలికాలం పొద్దున పక్కల నుంచి దూరుతుంది.

అదే ఫార్ములా పడమరకి వేస్తే మతి పోతుంది. మే 10న మూడింటికి మూడడుగుల ఎనిమిది అంగుళాలు కావాలి, నాలుగింటికి ఆరడుగులు, ఐదింటికి పదకొండు అడుగులు! పదకొండడుగులంటే అది సన్‌షేడ్ కాదు, పందిరి. కాబట్టి పడమట సన్‌షేడ్‌ని రెండు గంటల దాకా పనికొచ్చేదిగానే చూడాలి, ఆ తర్వాత ఇంకో ఏర్పాటు ఉండాల్సిందే.

నేను చివరికి చేసింది ఇది. కాంక్రీట్ ఫిన్స్ కొట్టించేసి ఎనిమిదంగుళాల వెడల్పు అల్యూమినియం పలకలు నాలుగంగుళాలకి ఒకటి చొప్పున నిలువుగానే పెట్టించా, కానీ గోడకి లంబంగా కాదు, బయటి అంచు దక్షిణం వైపు తిరిగేలా 45 డిగ్రీలు వంచి. అలా వంచితే పలక బయటికి 5.7 అంగుళాలు వస్తుంది, పక్కకీ అంతే జరుగుతుంది. మే నాలుగింటి ఎండ ఉత్తరం వైపు నుంచి వస్తుంది కాబట్టి ఆ 5.7కి ఇంకో అంగుళం కలిసి నీడ ఆరున్నర దాటుతుంది, మన సందు నాలుగే, పూర్తిగా బ్లాక్. మార్చి 21 మూడింటికి మాత్రం సూర్యుడు పడమర నుంచి దక్షిణానికి 16.6 డిగ్రీలు ఉంటాడు, అప్పుడు 5.7 లోంచి 1.7 పోయి సరిగ్గా నాలుగు మిగులుతుంది, నాలుగంగుళాల సందు అక్కణ్ణుంచే వచ్చింది. డిసెంబర్‌లో నాలుగింటికి సగం ఎండ లోపలికొస్తుంది, చలికాలం కాబట్టి మాకు ఇబ్బంది లేదు. ఉత్తరం వైపు వంచితే డిసెంబర్ ఎండ ఆగుతుంది కానీ జూన్ ఐదింటికి సన్న గీతలు పడతాయి, మీ ఇష్టం.

ఇంకోటి, పలక వెడల్పుకీ సందుకీ ఉన్న నిష్పత్తే ముఖ్యం, సైజు కాదు. పదహారంగుళాల పలకలు ఎనిమిదంగుళాలకి పెట్టినా నీడ అంతే.

పలకలు చేయించేముందు మా ఆవిడ సలహా మీద అట్టముక్కలు అదే కొలతల్లో కోసి కిటికీకి కట్టి ఏప్రిల్‌లో వారం రోజులు సాయంత్రాలు చూశాం, ఒక గంట పని, చాలా తప్పులు బయటపడతాయి. మాకు బయటపడింది దిక్కు తప్పు. ప్లాట్ పడమర అని కాగితం మీద ఉన్నా గోడ కొద్దిగా పక్కకి చూస్తోంది. ఫోన్ కంపాస్‌ని గోడ దగ్గర నమ్మకండి, లోపలి ఇనుప ఊచలు దాన్ని తిప్పేస్తాయి. ఆ రోజు సూర్యోదయం, అస్తమయం టైములకి సరిగ్గా మధ్య టైం చూసుకుని దారానికి బరువు కట్టి వేలాడదీస్తే దాని నీడ ఉత్తర దక్షిణాలు చూపిస్తుంది. మే నెలలో మాత్రం ఆ టైముకి నీడ దాదాపు ఉండదు కాబట్టి ఫిబ్రవరి లోపు చేసుకోండి.

ఇన్ని చేసినా గది చల్లగా అయిపోదండి. నేరుగా పడే ఎండ ఆగింది, ఎదురింటి తెల్ల గోడ నుంచి, సిమెంట్ రోడ్డు నుంచి కొట్టే వెలుతురు వేడి ఇప్పటికీ వస్తుంది, దాన్ని ఏ ఫిన్నూ పూర్తిగా ఆపలేదు. గదిలో వెలుతురు కూడా తగ్గింది, మధ్యాహ్నం చదువుకోవాలంటే లైటు వేస్తున్నాం. మీరింకా కట్టే దశలోనే ఉన్నారు కాబట్టి, వీలుంటే ఆ పడమటి కిటికీనే చిన్నది చేసి పెద్దది ఉత్తరానికి మార్చమని ఇంజనీర్ గారిని అడగండి, నాకైతే ఆ అవకాశం లేకపోయింది.